శ్లోకం షార్ట్‌కి పేరు పెట్టేటప్పుడు

ప్రశ్న: మా అమ్మమ్మ చెప్పే శ్లోకాలు యూట్యూబ్ షార్ట్స్‌గా పెడుతున్నాను. సెర్చ్‌లో కనిపించాలంటే టైటిల్, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి? "ఈ ఒక్కటి చదివితే చాలు" టైపులో రాయడం నాకు ఇష్టం లేదు.

నేను మా అమ్మ గొంతుతో శ్లోకాలు పెడతాను. ఈ విషయంలో ఒకసారి పెద్ద తప్పే చేశాను. ఆ తప్పు దగ్గర్నుంచే చెబుతాను.

అమ్మ సాయంత్రం దీపం పెట్టి చదివే శ్లోకం మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

శుభం కరోతి కల్యాణం ఆరోగ్యం ధనసంపదః
శత్రుబుద్ధి వినాశాయ దీపజ్యోతిర్నమోస్తుతే

కుందిలో ఒత్తి వెలిగించి, చేతికంటిన నూనె కొంగుకి తుడుచుకుంటూ అమ్మ ఈ రెండు పాదాలూ చెబుతుంటే ఫోన్‌లో తీశాను. నలభై సెకన్లు కూడా లేదు. పెట్టేముందు వేరే ఛానళ్లవి నాలుగు చూసి, అలాగే ఉండాలేమో అనుకుని "శత్రువుల పీడ పోవాలంటే రోజూ సాయంత్రం ఈ శక్తివంతమైన మంత్రం చదవండి" అని టైటిల్ పెట్టేశాను. చూసినవాళ్లు బాగానే వచ్చారు. రెండో రోజు ఒకాయన కామెంట్ పెట్టారు. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా కోర్టులో ఉందట. ఎన్ని రోజులు చదవాలి, రోజుకి ఎన్నిసార్లు చదవాలి, నూనెతో పెట్టాలా నెయ్యితోనా అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఫోన్ తీసుకెళ్లి అమ్మకి చూపించాను.

అమ్మ ముందు కామెంట్ చదివింది, తర్వాత పైకి జరిపి టైటిల్ చదివింది. "ఇదెవరు రాశారే?" అంది. నేనే అన్నాను. "అందులో శత్రువులు ఎక్కడున్నారు? శత్రుబుద్ధి అని కదా ఉంది. ఆ బుద్ధి పోవాలని దణ్ణం పెట్టుకుంటున్నాం. అది ఎదుటివాడిలో ఉండొచ్చు, నాలోనూ ఉండొచ్చు. ఆయన తన అన్నదమ్ముడు నాశనం కావాలని దీపం ముందు కూర్చుంటే ఆ పాపం ఎవరిది?" అంది. ఆ రాత్రే ఆయనకి శ్లోకం అర్థం వివరంగా రాసి, ఇందులో లెక్క ఏదీ లేదని చెప్పి, టైటిల్ మార్చాను.

అప్పట్నుంచి క్లిక్‌బైట్ అంటే నాకు ఒకటే లెక్క. ఘాటైన మాటలు వాడామా లేదా అన్నది కాదు, శ్లోకంలో లేని హామీ టైటిల్ ఇస్తోందా లేదా అన్నదే. ఆరోగ్యం, ధనసంపద అన్న మాటలు ఈ శ్లోకంలోనే ఉన్నాయి కాబట్టి అర్థంలో వాటిని చెప్పొచ్చు. "21 రోజుల్లో అప్పులు తీరతాయి" అంటే మాత్రం అది మనం కల్పించింది. అప్పుల్లో ఉన్న మనిషి అర్ధరాత్రి ఆ టైటిల్ చూసి నమ్ముతాడు. "ఈ వీడియో మీకు కనిపించిందంటే అమ్మవారు పిలుస్తున్నట్టే" అని రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

సరే, మార్చి ఏం పెట్టాలి? ఇక్కడ నాకు ఉపయోగపడింది యూట్యూబ్ స్టూడియోనే. ఆ వీడియో Analytics తెరిచి, ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూపించే చోట YouTube search నొక్కితే, జనం ఏం టైప్ చేసి మన దగ్గరికి వచ్చారో కనిపిస్తుంది. చూసినవాళ్లు మరీ తక్కువమంది ఉంటే జాబితా రాకపోవచ్చు. నాది చూస్తే ఎక్కువమంది Shorts feed నుంచే వచ్చారు. సెర్చ్ నుంచి వచ్చిన ఆ కొద్దిమందిలో "శక్తివంతమైన మంత్రం" అని వెతికినవాళ్లు ఒక్కరూ లేరు. ఇలాంటివి ఉన్నాయి:

```
subham karoti kalyanam telugu
deepam slokam
sayantram deepam pette slokam
```

నేను నేర్చుకున్నదంతా ఈ మూడు వరుసల్లోనే ఉంది. శ్లోకం కోసం వచ్చే మనిషికి దాని మొదటి రెండు మాటలు గుర్తుంటాయి, లేదా దాన్ని ఎప్పుడు చదువుతారో తెలుసుంటుంది. మహిమ పేరుతో వెతకరు. వాళ్లలో చాలామంది తెలుగు అక్షరాల్లో టైప్ చేయరు కూడా. కాబట్టి టైటిల్‌లో మొదట శ్లోకం తొలి మాటలు, తర్వాత అది ఏ సందర్భానిదో, చివర ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కసారి అదే పేరు రావాలి. నేను చివరికి పెట్టింది ఇది:

```
శుభం కరోతి కల్యాణం: దీపం శ్లోకం నిదానంగా, అర్థంతో | subham karoti slokam telugu
```

దీంట్లో ప్రతి మాటా ఎందుకుందో చెబుతాను. దీపం శ్లోకం అని ఊరుకుంటే ఏ శ్లోకమో తెలియదు. "దీపం జ్యోతిః పరబ్రహ్మ" కూడా సాయంత్రం దీపానికే చదువుతారు. పూజలో దీపం చూపించేటప్పుడు "సాజ్యం త్రివర్తి సంయుక్తం" అంటారు. ఈ మూడింటినీ ఒకదానికొకటి అనుకుని వెతికేవాళ్లు చాలామంది. అలాగని ముగ్గురినీ పట్టేద్దామని మూడు పేర్లూ టైటిల్‌లో ఇరికించొద్దు. వీడియోలో ఒక్కటే ఉన్నప్పుడు అది కూడా మోసమే. రెండోదాని కోసం వచ్చిన మనిషి నాలుగు సెకన్లలో వెళ్లిపోతాడు.

"telugu" అన్న మాట తీసేస్తే ఏమవుతుందో మీరే వెతికి చూడండి. మరాఠీ ఇళ్లలో పిల్లలచేత సాయంత్రంపూట చెప్పించేది ఈ శ్లోకమే. అందుకని "shubham karoti" అని కొడితే మరాఠీ, హిందీ వీడియోలు వరసగా వస్తాయి. అంత పోటీలో మన చిన్న ఛానల్ కనిపించదు. వాళ్లు sh అని రాసే చోట మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త s రాస్తారు. వాళ్ల jyoti మనకు jyothi. ఈ తేడా మనకే మేలు. మన ఊరివాళ్లు ఎలా టైప్ చేస్తారో అలాగే రాయండి, సంస్కృతం పుస్తకాల్లో ఉండే పద్ధతిలో వద్దు.

"నిదానంగా" అని రాసింది అమ్మ నిజంగానే ఒక్కో మాట ఆపి చెబుతుంది కాబట్టి. "దీపం శ్లోకం" అన్న రెండు మాటలకి పెద్ద ఛానళ్లే పైన ఉంటాయి. వాళ్లని దాటి పైకి వెళ్లాలని నేను ప్రయత్నించను. మీ వీడియోలో ప్రత్యేకంగా ఏముందో, నిదానమో, అర్థమో, పిల్లలు నేర్చుకునేలా చెప్పడమో, ఆ మాట టైటిల్‌లో పెడితే దానికోసం వెతికే కొద్దిమందీ మీ దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్లు చివరిదాకా వింటారు.

టైటిల్‌కి 100 క్యారెక్టర్లు దాటకూడదు. తెలుగులో అది తొందరగా అయిపోతుంది, ఎందుకంటే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి ఒక అక్షరంలా కనిపించే "శ్లో" అక్కడ నాలుగు. పైగా ఫీడ్‌లో టైటిల్ పూర్తిగా కనిపించదు, మధ్యలోనే తెగిపోతుంది. అందుకే ముఖ్యమైన మాటలు ముందుండాలని పట్టుబడుతున్నాను. ముందు ఛానల్ పేరో, "జై శ్రీరామ్", "ఓం" అనో పెట్టి అసలు సంగతి చివరికి తోసేస్తారు. ఆ నమస్కారం వీడియోలో చెప్పండి.

ఇక డిస్క్రిప్షన్. షార్ట్‌కి డిస్క్రిప్షన్ ఎవరు చదువుతారని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదంటే #viral #trending అని ఇరవై గుప్పిస్తారు. ఈ రెండూ నాకు నచ్చవు. హ్యాష్‌ట్యాగులు 60 దాటితే యూట్యూబ్ మొత్తం అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది. రెండు మూడు చాలు. నేను మొదటి వాక్యంలోనే విషయం చెబుతాను: "సాయంత్రం దీపం పెట్టేటప్పుడు చదివే శుభం కరోతి కళ్యాణం శ్లోకం, మా అమ్మ మాటల్లో అర్థంతో." గమనించండి, టైటిల్‌లో కల్యాణం అని ల పెట్టాను, ఇక్కడ కళ్యాణం అని ళ పెట్టాను. ల సరైన రూపం, ళ జనం రాసే రూపం. రెండు రకాలుగా వెతికేవాళ్లకీ ఇలా మామూలు వాక్యంలోనే జవాబు దొరుకుతుంది. అమ్మకి మాత్రం ఆ ళ కంటికి ఆనదు.

దాని కింద శ్లోకం మొత్తం తెలుగు లిపిలో రాస్తాను. పేరు మర్చిపోయి రెండో పాదం మాత్రమే గుర్తున్నవాళ్లు "శత్రుబుద్ధి వినాశాయ" అని వెతుకుతారు. ఆ మాటలు ఎక్కడో ఒకచోట అక్షరాల్లో ఉండాలి కదా. తర్వాత మూడు వాక్యాల్లో అర్థం. కొందరు "ధనసంపదా" అని చదువుతారని పాఠభేదం ఒక వాక్యంలో చెబుతాను. "దీపారాధన మంత్రం అని కూడా దీన్ని వెతుకుతుంటారు" అని చివర్లో రాస్తాను. మంత్రం వేరు, శ్లోకం వేరు. కాబట్టి టైటిల్‌లో ఆ మాట పెట్టను. వెతికేవాళ్ల మాట కాబట్టి కింద ఉంచుతాను.

subam, shubham, karothi లాంటి రకరకాల స్పెల్లింగులు ట్యాగుల పెట్టెలో వేసుకోండి. ట్యాగుల వల్ల పెద్ద లాభం లేదని, జనం తప్పుగా టైప్ చేసే మాటలకి మాత్రం పనికొస్తాయని యూట్యూబే చెబుతుంది. వాటిని తెచ్చి డిస్క్రిప్షన్‌లో కామాలతో వరసగా పేర్చడం వాళ్ల నియమాలకే విరుద్ధం. సినిమా హీరోయిన్ల పేర్లు, వేరే ఛానళ్ల పేర్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. దేవుడి వీడియో కింద అవేంటి? ఇంకో మాట, షార్ట్ డిస్క్రిప్షన్‌లో లింకు ఇస్తే అది నొక్కినా తెరుచుకోదు. 2023 ఆగస్టు చివర్నుంచి అంతే. పూర్తి పూజ వీడియోకి పంపాలంటే స్టూడియోలో Related video దగ్గర పెట్టుకోండి.

టైటిల్ మార్చిన మర్నాడే లెక్కలు చూసి టెన్షన్ పడొద్దు. నాకైతే ఫీడ్ నుంచి వచ్చేవాళ్లు మొదట తగ్గారు. రెండు మూడు వారాలకి సెర్చ్ జాబితాలో "subham karoti meaning in telugu" లాంటివి కొత్తగా కనిపించాయి. ఫీడ్ జోరు కొన్ని రోజులకే చల్లారింది కానీ ఇవి ఆగలేదు. కార్తీకమాసంలో ఇంకా పెరుగుతాయి. అలాగని "కార్తీకమాసం స్పెషల్" అనో, సంవత్సరం అంకె వేసో టైటిల్ పెట్టకండి. నెల దాటగానే అది పాతదానిలా కనిపిస్తుంది. ఈ శ్లోకం రోజూ చదివేది.

కామెంట్లు కూడా మారాయి. ఇప్పుడు ఎన్నిసార్లు చదవాలని అడిగేవాళ్లు తగ్గారు. మొన్న ఒకావిడ, "పాపకి రెండో పాదం దగ్గర నాలుక తిరగడం లేదు, అమ్మగారిని ఇంకొంచెం విడగొట్టి చెప్పమనండి" అని రాశారు. అమ్మకి చదివి వినిపిస్తే, దీపం పెట్టే వేళ ఎలాగూ అయిందని ఫోన్ పట్టుకోమంది. "దీపజ్యోతిః" అని ఒకసారి, "నమోస్తుతే" అని ఒకసారి, తర్వాత రెండూ కలిపి ఒకసారి చెప్పింది. దానికి పెట్టిన టైటిల్ "శత్రుబుద్ధి వినాశాయ: దీపం శ్లోకం రెండో పాదం, పిల్లల కోసం విడివిడిగా".