కోచింగ్ సెషన్ సారాంశంలో ఏం ఉంచాలి, ఏం వదలాలి?

ప్రశ్న: క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డ్ చేశాను. ఆయన తర్వాత చదువుకుని ఆలోచించుకోవడానికి సారాంశం రాసివ్వాలి. సొంత విషయాలు చాలా వచ్చాయి, ఎంతవరకు రాయాలి?

ఆయన ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో అది రాయండి, దానికి దారితీసిన కథ వదిలేయండి. ఆ కథ ఆయనకు ఎలాగూ తెలుసు.

ఉదాహరణకు, "మేనేజర్ నన్ను మధ్యలో ఆపగానే నాన్న గుర్తొచ్చారు. ఆయన ఆస్పత్రి పాలైనప్పటి నుంచి ఎవరికీ ఎదురు చెప్పలేకపోతున్నా" అన్నారనుకోండి. సారాంశంలో ఇంత చాలు: "పైవాళ్లు మధ్యలో ఆపితే 'ఎదురు చెప్పలేకపోతున్నా' అన్నారు. ఆ క్షణంలో ఏం జరుగుతుందని అడిగితే కాసేపు మాట్లాడలేదు. వచ్చే మీటింగులో 'ఒక్క నిమిషం, ఇది పూర్తి చేస్తాను' అని చూస్తానన్నారు."

తండ్రి, ఆస్పత్రి పోయాయి. ఆయన మాట మాత్రం అలాగే ఉంది. దాన్ని "ఆత్మవిశ్వాస లోపం" అని మార్చారంటే అది మీ తీర్పు అయిపోతుంది.

పేర్లు తీసేస్తే సరిపోదు. "కొత్తగా వచ్చిన ఫైనాన్స్ హెడ్" అంటే ఆఫీసులో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. అలాగని అంతా తుడిచేసి "కమ్యూనికేషన్ గురించి మాట్లాడాం" అని రాస్తే, నెల తర్వాత చదివినప్పుడు ఆయనకే ఏమీ గుర్తురాదు. డ్రాఫ్ట్ ముందు ఆయనకే చూపించి, తీసేయాల్సింది ఏమైనా ఉందా అని అడగండి.

ఫైలు పేరులో క్లయింట్ పేరు పెట్టకండి. చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది: ఆడియో చెరిపేసినా, యాప్ తయారుచేసిన ట్రాన్స్‌క్రిప్ట్ క్లౌడ్‌లో మిగిలిపోవచ్చు. ముందే ఒప్పుకున్న గడువుకి రెండూ తీసేయండి.