లాస్ట్ మ్యాన్ అని అరవగానే రెడ్ కార్డు తీయకు

చిన్నా,

వచ్చే వారం మొదటిసారి ఫుట్‌బాల్ రిఫరీగా దిగుతున్నావని తెలిసింది. మామూలు ఫౌల్ నీకు కష్టం కాదు. చూసుకోకుండా తగిలితే ఫ్రీకిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా మీదికి వెళ్తే ఎల్లో. కాలు విరిగేంత బలంతో దూకితే రెడ్, అప్పుడు బంతి తగిలిందా లేదా అన్నది చూడనక్కర్లేదు.

అసలు టెన్షన్ లాస్ట్ మ్యాన్, అంటే గోల్‌కీపర్ ముందున్న చివరి డిఫెండర్, ఫౌల్ చేసినప్పుడే. ఆ మాట రూల్ బుక్‌లో లేదు. అక్కడ అడిగేది ఒక్కటే: స్పష్టమైన గోల్ అవకాశం పోయిందా? గోల్ ఎంత దూరం, ఆట ఎటు సాగుతోంది, బంతి ఫార్వర్డ్ అదుపులో ఉండేదా, మిగతా డిఫెండర్లు ఎక్కడున్నారు అని చూసుకోవాలి.

నేనొకసారి ఇక్కడే తప్పు చేశాను. చివరి డిఫెండర్ చొక్కా పట్టి లాగాడు, వెంటనే రెడ్ చూపించాను. కానీ ఫార్వర్డ్ బంతిని కార్నర్ జెండా వైపు తోసుకుంటూ పోతున్నాడు, గోల్ వైపు కాదు. అది ఎల్లోతో సరిపోయేది. ఆ కుర్రాడి ముఖం ఇంకా గుర్తుంది. అందుకే విజిల్ ఊదాక జేబులో చెయ్యి పెట్టకముందు ఒక్క క్షణం ఆగి, బంతి ఎటు పోతోందో గుర్తు తెచ్చుకో.

అదే ఫార్వర్డ్ నేరుగా గోల్‌కీపర్ మీదికి వెళ్తున్నాడనుకో. పెనాల్టీ ఏరియా బయట పడగొడితే ఫ్రీకిక్, రెడ్. లోపల బంతి కోసమే కాలు చాపి, అందక పడగొడితే పెనాల్టీ, ఎల్లో. పెనాల్టీతో అవకాశం తిరిగి వస్తోంది కదా అని 2016లో ఇలా మార్చారు. కానీ లోపలైనా చొక్కా లాగినా, వెనక నుంచి నెట్టినా రెడ్డే, ఎందుకంటే అక్కడ బంతి కోసం ప్రయత్నమే లేదు.

చేతికి తగిలినప్పుడు కూడా ఉద్దేశం చూడాలి. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఘనా కొట్టిన బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్ లైన్ మీద కావాలనే చేత్తో ఆపాడు. అది రెడ్, పెనాల్టీ. ఆ పెనాల్టీని ఘనా మిస్ చేసింది, చివరికి ఉరుగ్వే గెలిచింది. బాధేసినా తీర్పు మాత్రం సరైనదే. కావాలని కాకుండా, చేయి అసహజంగా చాచి ఉండటం వల్ల పెనాల్టీ ఏరియాలో బంతి ఆగి గోల్ తప్పితే, 2024-25 సీజన్ నుంచి పెనాల్టీతో పాటు ఎల్లో మాత్రమే. చేయి ఒంటికి ఆనించి ఉండగా తగిలితే, కావాలని కాకపోతే, అసలు ఫౌలే కాదు. భుజం పైభాగం చేతి కిందికి రాదు, చంక దిగువ నుంచే లెక్క.

పెనాల్టీతో ఎల్లో ఇచ్చే ముందు నీ నోట్‌బుక్ చూసుకో. అతనికి అప్పటికే ఒక ఎల్లో ఉంటే ఇది రెండోది, వెంటనే రెడ్ చూపించి బయటికి పంపాల్సిందే.

మీ పెదనాన్న