పడుకునే ముందు ఒళ్లు సడలించే సాధన: కొత్తవారు దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: పడక మీద వాలగానే భుజాలు, దవడ బిగుసుకుపోతున్నాయి. గంట దాకా నిద్ర పట్టడం లేదు. కండరాలు బిగించి వదలడం, నెమ్మదిగా ఊపిరి తీయడం, బాడీ స్కాన్ అని మూడు పద్ధతులు చెబుతున్నారు. నాలాంటి కొత్తవారు ఏది ముందు చేయాలి, ఎలా చేయాలి?

జవాబు:

కండరాలు బిగించి వదలడంతోనే మొదలుపెట్టండి. శ్వాస మీదనో ఒంటి మీదనో మనసు నిలపడం కొత్తలో కష్టం, పిడికిలి బిగించడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. నాది లెక్కలు చూసే ఉద్యోగం. మార్చి నెల వచ్చిందంటే సాయంత్రానికి మెడ తిప్పడమే కష్టమయ్యేది, రాత్రి పళ్లు బిగపట్టుకుని పడుకునేవాణ్ని. ఆ రోజుల్లో మొదలైన ఈ సాధన ఇప్పటికీ కొనసాగుతోంది కాబట్టి చేస్తూ తెలుసుకున్న సంగతులే రాస్తున్నాను.

ఈ పద్ధతిని రూపొందించినవారు అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్. 1929లో దీని మీద పుస్తకం ప్రకటించారు. ఆయన చెప్పిన తీరులో పూర్తిగా నేర్చుకోవాలంటే చాలా కాలం పట్టేది కాబట్టి తర్వాతివారు దాన్ని కుదించారు. ఇప్పుడు ఎక్కువగా నేర్పేది ఆ కుదించిన రూపమే. మనం కండరాన్ని బిగబట్టి ఉంచుతున్నామన్న సంగతి చాలాసార్లు మనకే తెలియదు. అందుకే ముందు కావాలని బిగించి, తర్వాత వదిలి, ఆ రెండింటి తేడాను ఒంటికి పరిచయం చేస్తాం. బిగించడం ఆ తేడా తెలియడానికే, సాధన అంతా వదలడంలోనే ఉంది.

వెల్లకిలా పడుకోండి. నడుము నొప్పి ఉంటే మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకోండి. ముందు కుడి చేతి పిడికిలి బిగించండి. మీ బలంలో సగానికి కాస్త ఎక్కువ వాడితే సరిపోతుంది, చెయ్యి వణుకుతోందంటే ఎక్కువైనట్లే. ఐదు నుంచి ఏడు సెకన్లు అలా ఉంచి ఒక్కసారిగా వదిలేయండి. నెమ్మదిగా విప్పితే వదలడం కూడా ఒక పనిగా మారి, తేడా సరిగా తెలియదు. వదిలాక వేళ్లు వాటంతటవే కొద్దిగా ముడుచుకుని ఆగుతాయి. వాటిని చాపి సరిచేయకుండా అలాగే ఉండనివ్వండి. అర నిమిషం పాటు ఆ చేతిలో ఏం జరుగుతోందో గమనించండి. కొందరికి అరచేతిలో వెచ్చదనం, కొందరికి బరువు, కొందరికి సన్నని జలదరింపు తెలుస్తుంది. ఏమీ తెలియకపోయినా కంగారు పడకుండా ఇంకొకసారి చేసి ముందుకు సాగండి.

తర్వాత అదే చేతి పైభాగం, ఆపైన ఎడమ చెయ్యి, నుదురు, కళ్లు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు, పాదాలు ఇదే వరుసలో చేయండి. మీ ఇబ్బంది ఉన్న చోట్ల కాస్త ఎక్కువసేపు ఆగండి. దవడకు పళ్లు గట్టిగా కొరకడం వద్దు, నాలుకను అంగిటికి నొక్కి వదిలితే చాలు. వదిలాక పెదవులు కలిసి ఉన్నా పై పళ్లు, కింది పళ్లు తాకకూడదు. దవడ సడలిందో లేదో తెలుసుకోవడానికి ఇదే గుర్తు. భుజాలను చెవుల దాకా ఎత్తి, ఒక్కసారి జారవిడవండి. మొదటిసారి జారాక ఇంకా కొంచెం కిందికి దిగే వీలుందని చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. నాకు నిద్రను ఆపుతున్నది ఆ మిగిలిన కొంచెమే.

బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. అలా చేస్తే ఆ కాసేపు రక్తపోటు పెరుగుతుంది. పిక్కల దగ్గర వేళ్లను కిందికి చాపకుండా మీ వైపు లాక్కోండి, లేకపోతే కొంకర్లు పట్టవచ్చు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కాళ్లను అసలు బిగించరు, తొడ పరుపు మీద ఎంత బరువుగా ఆనుతోందో మాత్రమే గమనిస్తూ వదిలేస్తారు. నొప్పి ఉన్న చోటా, ఈమధ్య ఆపరేషన్ అయిన చోటా అదే సరైన పద్ధతి. అంతా కలిపి పావుగంట పడుతుంది.

ఒళ్లు వదులయ్యాక శ్వాస దానంతటదే కొంత నెమ్మదిస్తుంది, ఆ స్థితి నుంచే రెండో భాగం మొదలుపెట్టండి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. లెక్క సెకనుకు ఒకటి చొప్పున సాగితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. అది కష్టంగా ఉంటే మూడు, ఐదు లెక్కలతో మొదలుపెట్టవచ్చు. గాలి వదిలేటప్పుడు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం ప్రభావంతో గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, వదలడాన్ని పొడిగించమనడానికి ఒక కారణం అదే. కొత్తవారు ఇక్కడ నెమ్మదిగా తీయడమంటే ఛాతీ నిండా తీయడమనుకుంటారు. పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తేలికైనట్లు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కినట్లు అవుతుంది. అలా అనిపించగానే లెక్క ఆపేసి మామూలుగా గాలి పీల్చండి, కాసేపటికి సర్దుకుంటుంది. ఐదు నిమిషాలు చేస్తే చాలు.

చివరిది బాడీ స్కాన్. ఇందులో దేన్నీ బిగించరు, మార్చరు, ఒక్కో భాగం మీదుగా ధ్యాసను నడిపిస్తారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 1979లో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన, ఒత్తిడి తగ్గించే ధ్యాన శిక్షణలో ఇది ఎడమ కాలి వేళ్ల దగ్గర మొదలవుతుంది. మన దగ్గర నేర్పే యోగనిద్రలో సాధారణంగా కుడి చేతి బొటనవేలితో మొదలుపెడతారు. ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు, రోజూ ఒకే వరుస పాటిస్తే తర్వాత ఏమిటని ఆలోచించే పని తప్పుతుంది. మనసు రేపటి పనుల మీదికి పోతుంది, పోయినట్లు తెలిసినప్పుడు ఆగిన చోటి నుంచే మళ్లీ నడపండి. ఆ శిక్షణలో చివరిదాకా మెలకువగా ఉండాలంటారు కానీ మన అవసరం వేరు. మోకాలి దగ్గరే నిద్ర ముంచుకొస్తే అక్కడితో వదిలేయండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది నిద్ర వస్తోందా లేదా అని మధ్యమధ్య పరీక్షించుకోవడం. ఆ పరీక్షే మనల్ని మేలుకొలుపుతుంది. అందుకే మొదటి ఒకటి రెండు వారాలు సాయంత్రం పూట, నిద్రతో సంబంధం లేకుండా, కుర్చీలోనో చాప మీదనో నేర్చుకోమంటాను. ఒంటికి అలవాటయ్యాక పడక మీదికి తెచ్చుకోవచ్చు. రాత్రి చాలాసేపయినా నిద్ర పట్టకపోతే, గడియారం చూడకుండా సుమారు ఇరవై నిమిషాలయిందనిపించినప్పుడు, లేచి మసక వెలుతురులో ఇంకొక గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పడుకోండి. కొందరికి కళ్లు మూసుకుని ఒంటిని గమనిస్తుంటే కంగారు తగ్గకపోగా పెరుగుతుంది. అలాంటివారు కళ్లు సగం తెరిచి, ఫ్యాన్ చప్పుడు లాంటి బయటి శబ్దం మీద ధ్యాస ఉంచడం మంచిది.

గురక మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందని ఇంట్లోవారు చెప్పినా, పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేనంత అసహనం కలుగుతున్నా ఈ సాధనతో సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోండి. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి కిందికి వస్తుంది. దానికి పడుకునే వేళలనూ నిద్ర గురించిన ఆలోచనలనూ సరిచేసే మానసిక చికిత్స ఉంది. ఈ సడలింపు దానిలో ఒక భాగం మాత్రమే కాబట్టి ఆ చికిత్స చేసేవారు మీ ఊళ్లో ఎవరున్నారో వైద్యుణ్ని అడగండి.