స్కాన్ మామూలుగా ఉన్నా పీసీఓఎస్ ఎలా?

"వయసు 24. నెలసరి యాభై రోజులకోసారి వస్తోంది. మొటిమలు, గడ్డం కింద ముతక వెంట్రుకలు. స్కాన్‌లో ఏమీ లేదు. అయినా పీసీఓఎస్ అంటున్నారు, ఎలా?"

పీసీఓఎస్ అంటే అండాశయాల హార్మోన్ల సమస్య. మీరు చెప్పిన మూడింటికీ మూలం ఒకటే కావచ్చు: అండాశయాలు ఆండ్రోజెన్లనే పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయడం. అవి నూనె గ్రంథులను రెచ్చగొడితే మొటిమలు వస్తాయి, వెంట్రుకల కుదుళ్లపై పనిచేస్తే గడ్డం కింది నూగు ముతకబారుతుంది. వాటి వల్ల అండాశయంలో అండం పూర్తిగా ఎదగక విడుదల ఆగిపోతే నెలసరి ఆలస్యమవుతుంది.

1. పీసీఓఎస్‌ను నిర్ధారించే 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం ఈ మూడింటిలో రెండు చాలు: క్రమం తప్పిన నెలసరి, ఆండ్రోజెన్ ఆధిక్యం, స్కాన్‌లో మార్పులు. మీలో మొదటి రెండూ కనిపిస్తున్నాయి.

2. చాలామంది వదిలేసేది ఇదే: వేరే కారణం లేదని తేల్చుకోవడం. థైరాయిడ్ తీరు చెప్పే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ హార్మోన్ల రక్తపరీక్షలు చేయించారా? చివరిదాన్ని నెలసరి మొదలైన తొలి రోజుల్లో, ఉదయమే చేయించండి. పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి లోపం అచ్చం పీసీఓఎస్‌లాగే కనిపిస్తుంది, దాన్ని పట్టిచ్చేది ఈ పరీక్షే.

3. గొంతు బొంగురుపోయినా, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.