పేరు పట్టీకి ఫాంటు కన్నా ముందు ఒత్తులు చూడండి

ప్రశ్న: ఇంటర్వ్యూల వీడియో సిరీస్ మొదలుపెడుతున్నాం. మాట్లాడేవారి పేరు, హోదా చూపే లోయర్ థర్డ్‌కు ఏ తెలుగు ఫాంటు బాగుంటుంది? కొత్తదనం కోసం ప్రతి ఎపిసోడ్‌కూ డిజైన్ మార్చవచ్చా?

ఫాంటు సంగతి తర్వాత చెబుతాను. ముందు మా సిరీస్ మొదటి ఎపిసోడ్‌కు జరిగింది వినండి.

పన్నెండు ఎపిసోడ్ల ఇంటర్వ్యూ సిరీస్ అది. ఎడిటింగ్, గ్రాఫిక్స్ రెండూ నావే. దొరికిన ఒక రెడీమేడ్ టెంప్లేట్ తీసుకుని, రంగులు మార్చి, ‘రవి కుమార్’ అని టైపు చేసి చూసుకున్నాను. చక్కగా కనిపించింది. తర్వాత అసలు పేర్లు నింపాను. మొదటి అతిథి ఒక పెద్దావిడ, పేరు శ్రీలక్ష్మి, హోదా ‘వృక్షశాస్త్రవేత్త’. ఎపిసోడ్ పూర్తయ్యాక ఆవిడ కుటుంబంతో కలిసి వాళ్లింట్లో పెద్ద టీవీలో వేసుకుని చూశాం. పట్టీ తెర మీదికి వచ్చింది. ఆవిడ కూతురు నా వైపు తిరిగి, ‘అమ్మ పేరు సగమే పడిందేమిటండీ?’ అని అడిగింది.

నిజంగానే సగమే పడింది. ‘శ్రీ’ ఎడమ అంచు టీవీ చట్రం కిందికి పోయింది. ‘శాస్త్రవేత్త’ కింది ఒత్తులన్నీ తెగిపోయి ‘శాసవేత’ అని మిగిలింది. జీవితమంతా ఒక శాస్త్రానికి ఇచ్చిన మనిషికి, ఆ శాస్త్రం పేరు కూడా సరిగ్గా రాయలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట రెండూ టీవీ తప్పే అనుకున్నాను. టీవీ సెట్టింగుల్లో చిత్రాన్ని సాగదీయకుండా ఉన్నది ఉన్నట్టు చూపే ఎంపిక ఒకటి ఉంటుంది. అది పెట్టగానే ఎడమ పక్క పోయిన ముక్క వెనక్కి వచ్చింది, ఒత్తులు మాత్రం రాలేదు. అంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మీకూ ఇలాంటిది ఎదురైతే ఇదే పరీక్ష చేయండి. సెట్టింగు మార్చగానే తిరిగొచ్చింది అంచుల సమస్య, రానిది మీ డిజైన్‌లో ఉన్న సమస్య.

అంచుల సంగతి త్వరగా ముగిస్తాను. పాత ట్యూబు టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక దాచేసేవి. ఆ అలవాటు పలక టీవీలకూ వచ్చింది. చాలా సెట్లు నేటికీ బొమ్మను కొద్దిగా పెద్దది చేసి అంచులు కత్తిరిస్తాయి. అందుకే ట్యూబుల రోజుల్లో అక్షరాలను మధ్యనున్న 80 శాతంలోనే పెట్టమనేవారు. 2009లో సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ తెచ్చిన ప్రమాణం దాన్ని 90 శాతానికి సడలించింది. 1920×1080 ఫ్రేములో లెక్క వేస్తే ఎడమ, కుడి వైపుల 96 పిక్సెళ్లు, పైన, కింద 54 పిక్సెళ్లు వదలాలి. నేను అక్షరాలను ఎడమ అంచు నుంచి 30 పిక్సెళ్లలో మొదలుపెట్టాను. ఆ టీవీ సుమారు 50 పిక్సెళ్లు మింగింది. కంప్యూటర్ తెర మీద అది ఎంత చూసినా కనబడదు. చూసేవారు తమ టీవీ సెట్టింగు మార్చుకోవాలని ఆశించడం న్యాయం కాదు, జాగ్రత్త పడాల్సింది మనమే. పట్టీ వెనకనున్న రంగు పెట్టె ఆ 96 గీత దాటి కొంచెం బయటికి వచ్చినా నష్టం లేదు, అక్షరాలు మాత్రం రాకూడదు. కింది వైపు మాత్రం నేను 54తో సరిపెట్టను. వీడియో ఆపినప్పుడు వచ్చే బటన్ల వరుసా, సబ్‌టైటిళ్లూ అక్కడే కూర్చుంటాయి. మా పట్టీ కింది అంచు ఫ్రేము అడుగు నుంచి 150 పిక్సెళ్ల ఎత్తులో ఉంటుంది.

ఇక ఒత్తులు. నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే.

పట్టీ తెరచుకునేటప్పుడు అక్షరాలు కింది నుంచి పైకి లేచేలా కనిపించడానికి టెంప్లేటులో ఒక మాస్కు ఉంటుంది. దాని గీత బయట పడినదేదీ తెర మీద కనబడదు. ఆ మాస్కు ఎత్తును ఇంగ్లిషు అక్షరాలకు సరిపెట్టి గీశారు. ఆ లిపిలో అక్షరాలు నిలబడే గీత, అంటే బేస్‌లైను, కిందికి దిగేవి నాలుగైదు అక్షరాల తోకలు మాత్రమే, అవీ పొట్టివి. తెలుగులో బేస్‌లైను కింద మరో అంతస్తు ఉంది. ‘త్త’కు ఒక ఒత్తు, ‘స్త్ర’కు రెండు. ఫాంటును బట్టి ఆ రెండూ పక్కపక్కన సర్దుకుంటాయి లేదా ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. నేను పరీక్షకు వాడిన ‘రవి కుమార్’లో ఒక్క ఒత్తు కూడా లేదు! తేలికైన పేరుతో పరీక్షించి, పరీక్ష గట్టెక్కిందనుకున్నాను. మాస్కుకు ఆవల ఏముందో నాకు తెలిసే దారే లేదు.

మాస్కును కిందికి సాగదీయగానే ఒత్తులు వచ్చాయి. దాంతో కొత్త సమస్య బయటపడింది. పెట్టె ఎత్తు ఒక్కో పేరుకు ఒక్కోలా మారుతోంది. ‘రవి కుమార్’కు పొట్టిగా, ‘శ్రీలక్ష్మి’కి పొడుగ్గా. ఒకే ఎపిసోడ్‌లో ఇద్దరు మాట్లాడితే పట్టీ ఎగిరి దూకినట్టు ఉండేది. కారణం వెతకడానికి ఒక పూట పట్టింది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పెట్టెను అక్షరాలకు తగ్గట్టు సాగదీయడానికి `sourceRectAtTime()` వాడతారు. అది ఫాంటు సైజును కాదు, తెర మీద కనబడే అక్షరపు సిరా ఎంత మేర పరుచుకుందో దాన్ని కొలుస్తుంది. ఒత్తు ఉంటే ఎత్తు ఎక్కువ వస్తుంది, లేకపోతే తక్కువ వస్తుంది. కాబట్టి దాని నుంచి వెడల్పు మాత్రమే తీసుకోండి, ఎత్తును మీరే ఒక అంకెగా బిగించేయండి. పెట్టె ఆకారపు Size దగ్గర మేము రాసింది ఇది:

```
var a = thisComp.layer("NAME").sourceRectAtTime().width;
var b = thisComp.layer("ROLE").sourceRectAtTime().width;
[Math.max(a, b) + 56, 190]
```

పేరు, హోదాల్లో ఏది పొడవైతే దాన్ని తీసుకుని, రెండు పక్కలా 28 పిక్సెళ్ల చొప్పున జాగా కలుపుతుంది. ఎత్తు ఎప్పుడూ 190. ఆకారం మధ్య నుంచి రెండు వైపులకూ పెరుగుతుంది కాబట్టి, దాని Positionను వెడల్పులో సగం కుడికి జరపాలి. అప్పుడే ఎడమ అంచు కదలకుండా నిలుస్తుంది.

190 అనే అంకె గాలిలోంచి రాలేదు. పన్నెండు ఎపిసోడ్ల అతిథుల పేర్లూ హోదాలూ ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో అన్నిటికన్నా పొడవైనదాన్నీ, అన్నిటికన్నా లోతైన ఒత్తులున్నదాన్నీ ఏరాను. లోతులో గెలిచింది ‘వృక్షశాస్త్రవేత్త’. పేరు 56 పిక్సెళ్లు, హోదా 40 పిక్సెళ్లు. పెట్టె పై అంచు నుంచి పేరు బేస్‌లైనుకు 70, అక్కడి నుంచి హోదా బేస్‌లైనుకు 76, దాని కింద ఒత్తుల కోసం 44. కూడితే 190. ఇంగ్లిషు అలవాటుతో రెండు వరుసలను దగ్గరగా పెడితే పై వరుస ‘క్ష్మి’ ఒత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. మీ ఫాంటు వేరైతే మీ అంకెలూ వేరే వస్తాయి, కొలిచే పద్ధతి మాత్రం ఇదే.

40 కన్నా చిన్న అక్షరం వద్దని నా పట్టుదల. ఫోనును నిలువుగా పట్టుకుని చూస్తే 1920 పిక్సెళ్ల వెడల్పంతా సుమారు 7 సెంటీమీటర్లలోకి కుదించుకుపోతుంది. 56 పిక్సెళ్ల సైజు అక్కడ 2 మిల్లీమీటర్లు, 40 అయితే ఒకటిన్నర. అందులో ఒత్తు ఎంత ఉంటుందో ఊహించుకోండి. హోదా పొడవైందని అక్షరం తగ్గించేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. తగ్గించాల్సింది హోదాను. విజిటింగ్ కార్డు మొత్తాన్ని పట్టీ మీదికి ఎక్కించకండి. ఆ ఇంటర్వ్యూకు ఆ మనిషి ఏ హోదాలో వచ్చారో అది ఒక్కటి చాలు.

ఇప్పుడు ఫాంటు. నా ఓటు నోటో శాన్స్ తెలుగుకు, సెమీబోల్డ్ మందంలో. సన్నని గీతలను వీడియో కుదింపు మింగేస్తుంది. మరీ లావైతే అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోయి, ‘ద’కూ ‘ధ’కూ తేడా చూపే చిన్న గీత కలిసిపోతుంది. రామభద్ర లాంటి బరువైన ఫాంటు టైటిల్ కార్డులో పెద్ద అక్షరాలకు నిండుగా ఉంటుంది, 40 పిక్సెళ్ల హోదాకు మాత్రం పనికిరాదు. ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా ఎగిరించే యానిమేషన్ల జోలికి అసలు వెళ్లకండి. అవి లాటిన్ లిపి కోసం పుట్టినవి. ‘స్త్ర’ లాంటి చోట అక్షరం ఒకప్పుడు, ఒత్తు ఒకప్పుడు రావడం చూశాను. తెలుగులో వరుస మొత్తాన్నీ ఒకేసారి కదిలించాలి.

ప్రతి ఎపిసోడ్‌కూ డిజైన్ మార్చవచ్చా అన్నారు. వద్దు. కావాలని మార్చకపోయినా అదే మారిపోతుంది. మాకు నాలుగో ఎపిసోడ్ నుంచి ఇంకొకరు ఎడిటింగ్‌లో చేరారు. ఇద్దరమూ పాత ప్రాజెక్టును కాపీ చేసుకుని పని చేసేవాళ్లం. ఆరో ఎపిసోడ్ నాటికి పట్టీ ఒకరి దగ్గర 12 పిక్సెళ్లు పైకి జరిగింది, ఇంకొకరి దగ్గర నీలం రంగు ఊదా వైపు తిరిగింది. ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఇక్కడికి ఇదే బాగుంది’ అనుకున్నారంతే. వరుసగా రెండు ఎపిసోడ్లు చూసేవారికి మాత్రం అది వెంటనే కంట పడుతుంది. చివరకు దాన్ని మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేటుగా ఎగుమతి చేసి, పేరు, హోదా అనే రెండు గడులు మాత్రమే తెరిచి ఉంచాను. చోటు, సైజు, రంగు, తెర మీద ఉండే 5 సెకన్లు, అన్నీ తాళం వేశాను. టైటిల్ కార్డూ అంతే. సిరీస్ పేరు ఎప్పుడూ ఒకే చోట, అదే 96 పిక్సెళ్ల గీత నుంచి మొదలవుతుంది. మారేది ఎపిసోడ్ పేరు ఒక్కటే. ఆ పేరు రెండు వరుసలైతే ఎక్కడ విరవాలో నేనే చేత్తో నిర్ణయిస్తాను, సాఫ్ట్‌వేర్‌కు వదలను. కొత్తదనం కావాలంటే టైటిల్ కార్డు వెనకనున్న చిత్రాన్ని మార్చండి, అక్షరాల జోలికి పోకండి.

అప్పటికే యూట్యూబ్‌లోకి ఎక్కించిన మొదటి ఎపిసోడ్‌ను తీసేసి, సరిచేసిన దాన్ని మళ్లీ పెట్టాం. అదే లింకులో ఫైలును మార్చే వీలు లేదు కాబట్టి అంతవరకు వచ్చిన వ్యాఖ్యలన్నీ పోయాయి. అయినా శ్రీలక్ష్మి గారి పేరు అలా ఉండిపోనివ్వడం నా వల్ల కాలేదు. ఇప్పుడు నా టెంప్లేటులో నమూనా పేరుగా ‘శ్రీలక్ష్మి’, నమూనా హోదాగా ‘వృక్షశాస్త్రవేత్త’ అనే ఉంటాయి. మీ అతిథుల జాబితా పంపితే మీకు ఏ పేరు నమూనాగా పనికొస్తుందో చూసి చెబుతాను.