బిల్లు కాకముందు తగ్గింపు, అయ్యాక వాపసు

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

అమ్మాయీ,

ఒంగోలు షాపులో నిన్ను బిల్లింగ్ కౌంటరు ఇన్‌చార్జిని చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బిల్లు మీద 3 శాతం గానీ 2,000 రూపాయలు గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అంతవరకు నువ్వే తగ్గించొచ్చట. వాపసైతే 5,000 దాకా నీ సంతకం చాలట. మేనేజరుకు తగ్గింపులో 7 శాతం, వాపసులో 10,000. ఆపైన ఓనరే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. బట్టల షాపుల్లో గల్లా దగ్గర ముప్పై రెండేళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి కాలు ఎక్కడ జారుతుందో నాకు తెలుసు.

ముందు ఒక బేరం అనుకుందాం. కొండపి నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. పొగాకు వేలం డబ్బు చేతికొచ్చింది, శ్రావణంలో పెళ్లి, మీ షాపులో ఆషాఢం ఆఫరు. 18,000 పట్టుచీర ఒకటి, 7,000 చొప్పున రెండు చీరలు, పంచెలూ చిన్నా చితకా 8,000. మొత్తం 40,000. ఆఫరు 5 శాతం పోతే 38,000. పెద్దాయన కౌంటరు మీద చెయ్యేసి "36,000 చెయ్యమ్మా, ఇంకో మాట లేదు" అంటాడు.

అడుగుతున్నది 2,000. నీ కాగితంలోనూ 2,000 అనే ఉంది. చాలామంది ఇక్కడే సరేననేస్తారు. కానీ 38,000 మీద 3 శాతం 1,140. రెండింట్లో తక్కువది అదే, కాబట్టి నీ హద్దు 1,140. 2,000 అంటే 5 శాతం దాటింది, అది మేనేజరు మాట. 1,140 ఎవరూ తగ్గించరనుకో, 1,000 తీసి 37,000 అని నువ్వే చెప్పొచ్చు. ఆయన దిగకపోతే మేనేజరును పిలువు.

ఆ శాతం ఆఫరుకు ముందు ధర మీద లెక్కా, ఆఫరు పోయాక మిగిలిన దాని మీద లెక్కా అన్నది ఈరోజే అడిగి రాయించుకో. ఆఫరు 5 శాతం కూడా నీ హద్దులో కలుస్తుందా అన్నదీ అడుగు. కలుస్తుందంటే ఆఫరు రోజుల్లో నీ చేతిలో ఏమీ లేనట్టే. నోటిమాటగా "చూసి ఇయ్యమ్మా" అంటే ఒప్పుకోవద్దు. నెలాఖరు లెక్కల్లో ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

మేనేజరును పిలవడం నామోషీ అనుకోకు. కానీ కస్టమరు ముందు "నాకు పవర్ లేదండీ" అనొద్దు. అలా అంటే ఇక నీతో బేరమాడరు, ప్రతిసారీ మేనేజరు కావాలంటారు. "1,000 నేను తీసేస్తున్నా, మిగతాది అడిగి రెండు నిమిషాల్లో చెప్తా, కూర్చోండి" అను. మేనేజరు పక్కన లేకపోతే వాట్సాప్‌లో ఇట్లా పెట్టు: "బిల్లు 40,000, ఆఫరు పోను 38,000. 36,000కు అడుగుతున్నారు. నేను 37,000 అన్నా. ఇంకో 1,000 ఇయ్యమంటారా? పాత కస్టమరు కాదు, మొత్తం కార్డు." అన్నీ అందులో ఉంటే ఆయన 'ఇయ్యి' అనో 'వద్దు' అనో ఒక్క మాటలో తేల్చేస్తాడు. "సార్, డిస్కౌంటు అడుగుతున్నారు" అని పెడితే అవతలనుంచి నాలుగు ప్రశ్నలొస్తాయి, ఈలోపు పెళ్లివాళ్లు ఎదురు షాపులో ఉంటారు. ఆ జవాబు వచ్చేదాకా బిల్లు కొట్టొద్దు.

ఎందుకంటే బిల్లు కాకముందు తగ్గించేది వేరు, అయ్యాక తగ్గించేది వేరు. బిల్లులోనే చూపిస్తే తగ్గిన ధర మీదే జీఎస్టీ పడుతుంది, పని అక్కడితో సరి. డబ్బు కట్టాక మెట్ల దగ్గర్నుంచి వెనక్కొచ్చి "ఆ 1,000 ఇప్పుడియ్యి" అంటే అది తగ్గింపు కాదు, గల్లాలోంచి డబ్బు బయటికి పోవడం. దానికి క్రెడిట్ నోటు రాయాలి, లెక్కలాయన చూడాలి. నీ 3 శాతంలో ఇంకా మిగిలిందిగదా అని ఇచ్చేయకు. ఆ 3 శాతం బిల్లు కాకముందు వరకే.

సరే, మేనేజరు ఒప్పుకున్నాడు, 36,000 కార్డు మీద కట్టారు. మూడో రోజు 7,000 చీర ఒకటి తెచ్చారు, అంచు దగ్గర మరక. తప్పు మనదే, వాపసు ఇవ్వాలి. ఎంత?

ట్యాగ్ చూసి 7,000 అంటావు. కానీ వాళ్లు 40,000 సరుక్కి 36,000 కట్టారు, అంటే రూపాయికి 90 పైసలు. ఆ చీరకు వాళ్ల చేతినుంచి వచ్చింది 6,300. అదే వెనక్కి పోవాలి. 7,000 ఇస్తే 700 షాపు జేబులోంచి పోయినట్టు. బిల్లింగ్ మెషీన్‌లో పాత బిల్లు నంబరు కొట్టి రిటర్ను తీస్తే చాలావాటిలో ఈ లెక్క అదే వేస్తుంది. బిల్లు లేదని చీరను విడిగా స్కాన్ చేస్తే మాత్రం ట్యాగ్ ధరే వస్తుంది. నెంబరు లేకపోతే ఫోన్ నంబరుతో వెతుకు. దొరకకపోతే మొత్తం ఎంతైనా మేనేజరుకే పంపు.

6,300 నీ 5,000 దాటింది కాబట్టి ఇదీ మేనేజరుదే. అక్కడుండే సేల్స్‌మన్ ఒకడు "4,900 క్యాష్ ఇద్దాం, మిగతా 1,400కు క్రెడిట్ నోటు రాద్దాం, సార్‌ను లేపడం ఎందుకు" అంటాడు. తెలివి అనిపిస్తుంది. ఒక్క చీర, ఒక్క బిల్లు, ఒక్క నిర్ణయం. దాన్ని ఎన్ని కాగితాలు చేసినా హద్దుకు చూడాల్సింది 6,300నే. పైగా కార్డు మీద వచ్చిన డబ్బు నోట్లుగా పోకూడదు. కార్డుకే పంపాలి. కొన్ని రోజులు పడుతుందని చెప్పి, స్లిప్పు చేతికివ్వు. కార్డు డబ్బు నోట్లుగా కావాలని పట్టుబడితే మొత్తం చిన్నదైనా నువ్వు తేల్చొద్దు.

ఈ ముక్కలు చేసే పని నేను చేశాను. నెల్లూరులో నా రెండో షాపు. చేతిరాత బిల్లుల కాలం. అల్లూరు ఆసామి ఒకాయన పెద్ద బిల్లు తెస్తే రెండుగా రాసి రెండింటికీ నా హద్దులోపలే తగ్గించేవాణ్ణి. ఆయన సంతోషం, నేనేదో గొప్ప. ఆరు నెలలు ఎవరూ అడగలేదు. ఒక ఆదివారం ఓనరు బిల్లు పుస్తకం తిరగేస్తుంటే 412, 413 ఒకే పేరు, ఒకే సిరా, రెండింట్లోనూ తగ్గింపు సరిగ్గా నా హద్దు దగ్గర ఆగింది. ఇంకో పుస్తకం తీశాడు. అందులోనూ రెండు జతలు. పైసా నేను తినలేదని ఆయన నమ్మాడు, కానీ ఆర్నెల్లపాటు నాకు పైసా తగ్గించే హక్కు లేకుండా చేశాడు. రోజూ పాత కస్టమర్ల ముందు మేడ మీదికి ఎక్కి అడిగి రావాల్సి వచ్చింది. ఇప్పుడు పుస్తకం తిరగేయక్కర్లేదు, ఒకే ఫోన్ నంబరుతో పది నిమిషాల్లో రెండు బిల్లులుంటే కంప్యూటరే చూపిస్తుంది. హద్దుకు ఐదో పదో తక్కువగా వరసగా పడే తగ్గింపులే చూసేవాడి కంట్లో ముందు పడతాయి.

ఇక చుట్టాలు. మీ నాన్నొచ్చినా, నువ్వు చదివిన కాలేజీ స్నేహితురాలొచ్చినా 100 రూపాయలైనా నీ సంతకంతో తగ్గించకు. నీ హద్దులో ఉన్నా సరే. మార్గశిరంలో మా చిన్నోడి పెళ్లికి బట్టలకు మీ షాపుకే వస్తాం. బేరం నేనే ఆడతాను, గట్టిగానే ఆడతాను. నువ్వు నాకో కుర్చీ వేసి, మేనేజరును పిలువు.

ఇట్లు,
మీ పెదనాన్న