ట్రయల్‌కి 5 లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 20 లక్షల పొదుపు ఉంది. ప్యాకింగ్ యూనిట్‌కి కొత్త మెషిన్ కొనాలి. పెద్దది కొంటే గిరాకీ ఉంటే 30 లక్షలు మిగులుతాయి, లేకపోతే 15 లక్షలు పోతాయి. చిన్నదైతే 12 లక్షల లాభం లేదా 2 లక్షల నష్టం. గిరాకీ ఉండే అవకాశం 40 శాతం అనుకుంటున్నాను. ముందు 5 లక్షలతో ట్రయల్ అమ్మకాలు చేస్తే 80 శాతం కరెక్ట్‌గా తెలుస్తుందట. నిర్ణయాలనీ వాటి ఫలితాలనీ కొమ్మలుగా గీసి డెసిషన్ ట్రీ వేస్తే చిన్న మెషిన్‌కి 3.6 లక్షలు, ట్రయల్‌కి 3.88 లక్షలు వచ్చింది. ట్రయల్ చేసేయనా?

జవాబు: వద్దు. మీ ట్రీలో ట్రయల్ కొమ్మ లెక్క తప్పింది. సరిచేస్తే ఆ 3.88 కాస్తా 2.8 అవుతుంది.

మిగతా లెక్క బాగానే వేశారు. చిన్న మెషిన్‌కి 0.4 × 12 నుంచి 0.6 × 2 తీసేస్తే 3.6 లక్షలు. పెద్దదానికి 0.4 × 30 నుంచి 0.6 × 15 తీసేస్తే 3 లక్షలు. ఇవే వాటి అంచనా విలువలు, అంటే ఈఎంవీలు. మెషిన్ ధర పోగా మిగిలేదే లాభంగా రాశారనుకుంటున్నాను. కాకపోతే ముందు అది సరిచూసుకోండి, ధరను రెండుసార్లు తీసేయడం, లేదా అసలు తీసేయకపోవడం తరచూ చూస్తుంటాను.

ఇక ట్రయల్ సంగతి. మీ 3.88ని వెనక్కి లెక్కపెడితే తెలుస్తోంది, "80 శాతం కరెక్ట్" అన్న మాటను మీరు "ట్రయల్ బాగుంటే గిరాకీ ఉండే అవకాశం 80 శాతం" అని తీసుకున్నారు. ఆ మాటకు అర్థం అది కాదు. నిజంగా గిరాకీ ఉన్నప్పుడు ట్రయల్ 100కి 80 సార్లు ఉందని చెబుతుంది, లేనప్పుడు 80 సార్లు లేదని చెబుతుంది. అంతవరకే. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టే ఇక్కడ చాలామంది పడతారు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ పడ్డాను.

ఫార్ములా పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెడదాం. మీలాంటి పరిస్థితిలో 100 మంది ఉన్నారనుకోండి. మీ అంచనా ప్రకారం 40 మందికి గిరాకీ ఉంటుంది, 60 మందికి ఉండదు. ఆ 40 మందిలో 32 మందికి ట్రయల్ బాగుంటుంది, 8 మందికి పొరపాటున చప్పగా సాగుతుంది. గిరాకీ లేని 60 మందిలో 48 మందికి చప్పగా సాగుతుంది, 12 మందికి మాత్రం మోసపూరితంగా బాగుంటుంది. అంటే ట్రయల్ బాగుండేది మొత్తం 44 మందికి. వాళ్లలో నిజంగా గిరాకీ ఉన్నవాళ్లు 32 మంది, సుమారు 73 శాతం. మీరు వేసుకున్న 80 కాదు. ట్రయల్ బాగుండే అవకాశం కూడా మీరు రాసిన 40 కాదు, 44.

ఇప్పుడు ట్రీని కుడి చివర నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ట్రయల్ బాగున్న 44 మంది పెద్ద మెషిన్ కొంటే 32 మందికి 30 లక్షల చొప్పున 960 లక్షలు వస్తాయి, 12 మందికి 15 లక్షల చొప్పున 180 లక్షలు పోతాయి. మిగిలేది 780. అదే 44 మంది చిన్నది కొంటే 360 మాత్రమే, కాబట్టి అక్కడ పెద్దదే సరి. ట్రయల్ చప్పగా సాగిన 56 మంది సంగతి చూడండి. పెద్దది కొంటే అందరిదీ కలిపి 480 లక్షల నష్టం. చిన్నది కొంటే 8 మంది సంపాదించే 96 లక్షలు, 48 మంది పోగొట్టుకునే 96 లక్షలు సరిగ్గా సరిపోయి సున్నా. ఏమీ కొనకపోయినా సున్నాయే. మొత్తం 780ని 100 మందికి పంచితే మనిషికి 7.8 లక్షలు. ట్రయల్ ఖర్చు 5 తీసేస్తే 2.8.

ట్రయల్ లేకుండానే చిన్న మెషిన్‌కి 3.6 వస్తోంది కదా. అంటే ఈ ట్రయల్ మీకు చేసే మేలు 7.8 లోంచి 3.6 పోగా 4.2 లక్షలు. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ దండగే. ఖర్చు తగ్గించడానికి ట్రయల్‌ని కుదిస్తే ఆ 80 శాతం నమ్మకం కూడా తగ్గుతుంది, అప్పుడు 32, 8, 48, 12 అన్న అంకెలన్నీ మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

ఇంకో విషయం, ఇది ఈఎంవీకి కనిపించదు. 100 మందిలో ఆ 12 మందికి ట్రయల్‌కి 5 లక్షలు, మెషిన్ మీద 15 లక్షలు, కలిపి 20 లక్షలు పోతాయి. అంటే మీ పొదుపంతా. ఈఎంవీ అనేది అదే పందెం చాలాసార్లు కాస్తే వచ్చే సగటు, మీరేమో ఒక్కసారే కాస్తున్నారు. పెద్ద కంపెనీకి ఇలాంటి నిర్ణయాలు ఏడాదికి పదుల్లో ఉంటాయి, ఒకదానిలో పోయింది ఇంకోదానిలో వస్తుంది. మీకు ఆ వెసులుబాటు లేదు.

40 శాతం అన్నది కూడా రాతి మీద గీత కాదు. అది 42 దాటిందంటే చిన్న మెషిన్‌ని దాటి పెద్దది ముందుకొస్తుంది. కాబట్టి 3.6కీ 3కీ మధ్య ఉన్న తేడాని చూసి మురిసిపోవద్దు.

నాకు అసలు లోటుగా అనిపించింది వేరే ఉంది, మీ ట్రీలో ఒక కొమ్మే లేదు. చిన్న మెషిన్ కొన్నాక గిరాకీ ఉందో లేదో మీకే తెలిసిపోతుంది. ఉందని తేలితే అప్పుడు రెండో మెషిన్ చేర్చుకోవచ్చు కదా. ట్రీలో అదృష్టాన్ని చూపే సున్నా గుర్తు తర్వాత నిర్ణయాన్ని చూపే చతురస్రం ఇంకోటి రావాలి, అంటే అదృష్టం తేలాక మళ్లీ మీ నిర్ణయం. ఆలస్యంగా విస్తరిస్తారు కాబట్టి 30 లక్షలు రావు. మాటవరసకి 12 బదులు మొత్తం 18 వస్తాయనుకుందాం. 0.4 × 18 నుంచి 1.2 తీసేస్తే 6 లక్షలు. పోతే పోయేది 2 లక్షలే.

ఈ కొమ్మ చేర్చగానే ట్రయల్ విలువ కూడా పడిపోతుంది. ట్రయల్ చప్పగా సాగినా గిరాకీ ఉన్న ఆ 8 మంది ఇప్పుడు చిన్న మెషిన్‌తో మొదలుపెట్టి విస్తరించగలరు, కాబట్టి ఆ కొమ్మ సున్నా నుంచి 48కి వెళ్తుంది. ట్రయల్ దారి మొత్తం మనిషికి 8.28. అందులోంచి 6 తీసేస్తే 2.28 లక్షలు, ట్రయల్‌కి ఇక ఇవ్వగలిగింది అంతే. చిన్న మెషినే మీకు ట్రయల్ పని చేసిపెడుతోంది, పైగా అది డబ్బు తెచ్చే ట్రయల్.

18 అన్నది నా ఊహ. రెండో మెషిన్‌కి కొటేషన్ తీసుకుని, దాన్ని బిగించేలోపు చేజారే ఆర్డర్లు తీసేసి, మీ అంకె పెట్టి చూడండి. ఒకవేళ అది 15కి తగ్గి, అదే ట్రయల్ 3 లక్షలకే కుదిరితే ట్రయల్ దారికి 5.04, చిన్న మెషిన్‌కి 4.8 వస్తాయి. కాగితం మీద ట్రయల్ గెలిచినట్టే. ఆ పావు లక్ష తేడా కోసం 100లో 12 సార్లు 18 లక్షలు పోయే దారి నేనైతే పట్టను.